చివర్లో పెద్ద మొత్తం కట్టే కారు లోన్ (బెలూన్ లోన్): నెలవారీ కిస్తీ లెక్క మీద తరచుగా అడిగే ప్రశ్నలు

బెలూన్ లోన్ గురించి అడిగేవాళ్ల సందేహాలు దాదాపు అన్నీ ఒకచోటికే వస్తాయి: ఆ తగ్గిన కిస్తీ ఎలా వచ్చింది, చివర్లో ఎంత మిగులుతుంది? అందుకే అన్ని జవాబులకీ ఒకటే ఉదాహరణ తీసుకున్నాం. 10 లక్షల కారు లోన్, ఏడాదికి 9 శాతం మారని వడ్డీ, 60 నెలలు, 60వ కిస్తీతో పాటు చివర్లో 3 లక్షల బెలూన్. వడ్డీ ప్రతి నెలా మిగిలిన బాకీ మీదే పడుతుంది. మీ అంకెలు వేరైనా పద్ధతి ఇదే.

## లోన్ తీసుకునే ముందు

బెలూన్ పెడితే ఈఎంఐ ఎందుకు తగ్గుతుంది?

మామూలు లోన్‌లో 60 కిస్తీలు కట్టేసరికి బాకీ సున్నా కావాలి. బెలూన్ లోన్‌లో బాకీ సున్నా దాకా దిగక్కర్లేదు, 3 లక్షల దగ్గర ఆగితే చాలు. అంటే నెలనెలా తీర్చాల్సిన అసలు 10 లక్షలు కాదు, 7 లక్షలే. అందుకే 20,758 రూపాయలు కావాల్సిన ఈఎంఐ 16,781 దగ్గర ఆగుతుంది. నెలకి 3,977 రూపాయల తేడా.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పక్కన పెట్టిన ఆ 3 లక్షలు మీ దగ్గర ఐదేళ్లూ అప్పుగానే ఉంటాయి. వాటికి వడ్డీ నెలనెలా కడుతూనే ఉంటారు.

ఈఎంఐ తగ్గింది కదా, లోన్ చౌకగా వచ్చినట్టేనా?

కాదు. వడ్డీ రేటు అదే 9 శాతం. కానీ అసలు నెమ్మదిగా తీరుతుంది కాబట్టి మొత్తం వడ్డీ పెరుగుతుంది. మామూలు లోన్‌లో ఐదేళ్లలో కట్టే వడ్డీ సుమారు 2,45,500 రూపాయలు. 3 లక్షల బెలూన్ పెడితే అది సుమారు 3,06,850 అవుతుంది. అంటే 61,350 ఎక్కువ.

షోరూంలో ఈఎంఐ ఒక్కటే చూపించి రెండు లోన్లని పోలుస్తారు. మీరు మాత్రం ఈఎంఐని నెలలతో గుణించి, బెలూన్ కలిపి, అందులోంచి లోన్ మొత్తం తీసేయండి. మిగిలేదే మీరు కట్టే వడ్డీ. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి బ్యాంకులూ ఎన్‌బీఎఫ్‌సీలూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఫీజులు కలిపిన వార్షిక రేటు, కిస్తీల పట్టిక అందులో ఉంటాయి. సంతకం పెట్టకముందే ఆ పట్టిక చివరి వరస చూడండి. బెలూన్ అంకె అక్కడ కనపడకపోతే సంతకం పెట్టొద్దు.

బంగారం లోన్‌లో ఏడాది చివర ఒకేసారి కట్టేస్తాం కదా, ఇదీ అలాంటిదేనా?

కాదు. బంగారం లోన్‌లో బుల్లెట్ పద్ధతి అంటే అసలు మొత్తం, చాలాచోట్ల వడ్డీతో సహా, గడువు చివర ఒకేసారి కట్టడం. మధ్యలో అసలు ఏమీ తగ్గదు. బెలూన్‌లో అసలులో కొంత భాగం నెలనెలా తీరుతుంది, మిగతాది చివర కడతారు.

బెలూన్ ఎంత పెట్టుకోవచ్చు? 50 శాతం పెడితే ఇంకా తగ్గుతుంది కదా?

తగ్గుతుంది. 9 శాతం, 60 నెలల లోన్‌లో బెలూన్‌కి లక్ష పెంచిన ప్రతిసారీ ఈఎంఐ 1,326 రూపాయలు తగ్గుతుంది, ఐదేళ్ల వడ్డీ సుమారు 20,450 పెరుగుతుంది. 10 లక్షల లోన్‌లో 5 లక్షల బెలూన్ అంటే ఈఎంఐ 14,129, మొత్తం వడ్డీ సుమారు 3,47,750.

ఎంత పెట్టినా ఈఎంఐ తగ్గడానికి ఒక హద్దు ఉంది. బెలూన్‌ని పూర్తి 10 లక్షలకి పెంచితే ఈఎంఐ 7,500 అవుతుంది. అది ఉత్త వడ్డీ. అంతకంటే తక్కువ కడితే బాకీ తగ్గకపోగా పెరుగుతుంది. మా ఉద్దేశంలో బెలూన్‌కి సరైన కొలత ఈఎంఐ కాదు, ఐదేళ్ల తర్వాత ఆ కారు అమ్మితే వచ్చే ధర. బెలూన్ ఆ ధర కంటే బాగా తక్కువ ఉండాలి. అప్పుడే చివర్లో చేతిలో డబ్బు లేకపోయినా కారు అమ్మి బయటపడొచ్చు.

## ఈఎంఐ లెక్కేసేటప్పుడు

ఫార్ములా లేకుండా, మామూలు ఈఎంఐ కాలిక్యులేటర్‌తో లెక్కేయొచ్చా?

వేయొచ్చు. అన్నిటికంటే సులువు దారి ఇదే. లోన్‌ని రెండు ముక్కలు చేయండి: నెలనెలా తీరే 7 లక్షలు, చివరిదాకా కదలకుండా ఉండే 3 లక్షలు.

మొదటి ముక్కకి కాలిక్యులేటర్‌లో 7 లక్షలు, 9 శాతం, 60 నెలలు వేస్తే 14,530.85 వస్తుంది. రెండో ముక్కకి ఒక నెల వడ్డీ చాలు: 3,00,000 × 9 ÷ 1200 = 2,250. రెండూ కలిపితే 16,780.85. ఇది ఉజ్జాయింపు కాదు, పెద్ద ఫార్ములా ఇచ్చే అంకె కూడా సరిగ్గా ఇదే. ఏజెంట్ ఎదురుగా కూర్చునే ఫోన్‌లో సరిచూసుకోవచ్చు.

అసలు ఫార్ములా ఏంటి? అందులో ప్రతి భాగానికీ అర్థం ఏంటి?

```
EMI = (P − B / (1+r)^n) × r / (1 − (1+r)^−n)
```

P లోన్ మొత్తం, B బెలూన్, n నెలలు, r నెల వడ్డీ. 9 శాతాన్ని 12తో భాగిస్తే r = 0.0075.

ముందు (1.0075)^60 లెక్కేయండి: 1.565681. 3 లక్షల్ని దీంతో భాగిస్తే 1,91,610 వస్తుంది. ఐదేళ్ల తర్వాత కట్టే 3 లక్షలకి ఈరోజు ఉన్న విలువ ఇది. 10 లక్షల్లోంచి దీన్ని తీసేస్తే 8,08,390. నెలవారీ కిస్తీలు మోయాల్సిన బరువు ఇంతే. దీన్ని మామూలు ఈఎంఐ గుణకం 0.02075836తో గుణిస్తే 16,780.85.

చాలామంది తడబడేది r దగ్గరే. 9 శాతాన్ని 0.09 అని ఉంచేసి, n మాత్రం 60 వేస్తే ఈఎంఐ 90 వేల దగ్గర తేలుతుంది. అంత పెద్ద అంకె కనిపిస్తే r ని 12తో భాగించడం మర్చిపోయారని అర్థం.

ఎక్సెల్‌లో బెలూన్ వేస్తే ఈఎంఐ తగ్గాల్సింది పోయి 24,736 వస్తోంది. ఎందుకు?

గుర్తు తప్పు పడింది. ఎక్సెల్‌కి చేతికొచ్చే డబ్బు ప్లస్, చేతిలోంచి పోయే డబ్బు మైనస్. లోన్ మీకు వస్తుంది, బెలూన్ మీ దగ్గర్నుంచి పోతుంది. అందుకని రెండిటికీ వ్యతిరేక గుర్తులు ఉండాలి.

```
=PMT(0.09/12, 60, 1000000, -300000)
```

దీనికి −16,780.85 వస్తుంది. మైనస్ అంటే మీరు కట్టేది అని. రెండూ ప్లస్ పెడితే, 60 నెలలు కట్టాక బ్యాంకే మీకు 3 లక్షలు ఎదురివ్వాలన్నట్టు లెక్క కట్టి −24,735.87 చూపిస్తుంది. బెలూన్ పెట్టాక ఈఎంఐ మామూలు ఈఎంఐ కంటే పెరిగిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. గూగుల్ షీట్స్‌లో కూడా ఇదే ఫార్ములా, ఇవే గుర్తులు.

3 లక్షల్ని 60తో భాగించి, ఆ 5,000 మామూలు ఈఎంఐలోంచి తీసేస్తే సరిపోదా?

సరిపోదు. అలా తీసేస్తే ఈఎంఐ 15,758 వస్తుంది. కట్టాల్సిన దానికంటే నెలకి 1,022 తక్కువ. ఆ తక్కువ పడ్డది బాకీలో చేరి, దాని మీదా వడ్డీ పడి, 60 నెలలయ్యేసరికి 3 లక్షలకి బదులు 3,77,120 మిగులుతుంది. కిస్తీలో అసలుతో పాటు వడ్డీ కూడా ఉంటుంది కాబట్టి ఆ భాగహారం కుదరదు.

దీని కంటే ఖరీదైన తప్పు ఇంకోటి ఉంది. 7 లక్షలకి మాత్రమే ఈఎంఐ లెక్కేసి 14,531 అనుకోవడం. ఇందులో పక్కన పెట్టిన 3 లక్షల మీద నెలకి 2,250 వడ్డీ అసలు లెక్కలోకే రాలేదు. ఆ వడ్డీ మీద వడ్డీ పెరిగి చివర్లో 4,69,704 బాకీ తేలుతుంది. ఎవరైనా ‘10 లక్షల లోన్, ఈఎంఐ 14,500, చివర్లో 3 లక్షలే’ అంటే 9 శాతానికి ఆ మూడు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగవు. మిగతా డబ్బు ఎక్కడ పెట్టారో కిస్తీల పట్టిక అడిగి చూడండి.

నేను నెలకి 15,000 మించి కట్టలేను. బెలూన్ ఎంత వస్తుంది?

లెక్కని తిరగేయాలి. ఎక్సెల్‌లో FV ఫార్ములా ఉంది:

```
=FV(0.09/12, 60, 15000, -1000000)
```

జవాబు 4,34,319. నెలకి 15,000 చొప్పున 60 నెలలు కట్టాక మిగిలే బాకీ ఇది, అంటే ఇదే మీ బెలూన్. గుర్తులు ఇక్కడ తిరగబడ్డాయి, చూడండి: లోన్‌కి మైనస్, కిస్తీకి ప్లస్ పెట్టాం, జవాబు ప్లస్‌లో రావాలని. లోన్‌కీ కిస్తీకీ వ్యతిరేక గుర్తులు ఉంటే చాలు.

అంకె వచ్చాక దాన్ని చూసి నిర్ణయం తీసుకోండి. 4.34 లక్షలు ఐదేళ్ల తర్వాత ఎక్కడి నుంచి వస్తాయో ఈరోజే చెప్పగలిగితే 15,000 కిస్తీ మీకు కుదురుతుంది. చెప్పలేకపోతే కారు ఒక మెట్టు తగ్గించుకోవడమో, డౌన్ పేమెంట్ పెంచడమో మంచిది.

నా లెక్కలో 16,781 వచ్చింది, లోన్ ఇచ్చేవాళ్లు 17,006 అంటున్నారు. తప్పు ఎవరిది?

బహుశా ఎవరిదీ కాదు. బెలూన్ ఎప్పుడు కట్టాలనే దాని మీద తేడా వచ్చింది. కొందరు 60వ నెల కిస్తీ, బెలూన్ రెండూ కట్టిస్తారు. అప్పుడు 16,781. ఇంకొందరికి 60వ నెల చెల్లింపు బెలూనే. అంటే కిస్తీలు 59, ఆ తర్వాత 3 లక్షలు. ఒక కిస్తీ తగ్గింది కాబట్టి మిగతా 59 పెరిగి ఒక్కోటి 17,006 అవుతాయి.

‘కిస్తీలు ఎన్ని, బెలూన్ ఏ తేదీన, ఆ నెల మామూలు కిస్తీ కూడా ఉంటుందా’ అని అడిగితే విషయం తేలిపోతుంది. అప్పటికీ అంకె కలవకపోతే ప్రాసెసింగ్ ఫీజో, ఇన్సూరెన్స్ ప్రీమియమో లోన్‌లో కలిపేశారేమో చూడండి. 10 లక్షలు అనుకున్న అసలు 10,20,000 అయ్యుంటుంది.

నా పట్టికలో చివర సరిగ్గా 3 లక్షలు కాకుండా 2,99,989 మిగిలింది. ఏమైనా తప్పా?

తప్పు లేదు. 16,780.85ని 16,781గా గుండ్రం చేయడం వల్ల నెలకి 15 పైసలు ఎక్కువ కట్టారు, అది వడ్డీతో కలిసి 11 రూపాయలైంది. చివరి చెల్లింపులో సర్దుబాటు చేస్తారు. తేడా పదుల్లో ఉంటే పైసల పని, వేలల్లో ఉంటే రేటో నెలల సంఖ్యో తప్పు.

## కిస్తీలు కడుతున్నప్పుడు

మూడేళ్లకే కారు అమ్మేద్దామనుకుంటున్నా. అప్పటికి బాకీ ఎంత ఉంటుంది?

36 కిస్తీలు కట్టాక బెలూన్ లోన్‌లో 6,18,068 మిగిలి ఉంటుంది. మామూలు లోన్ అయితే 4,54,383 ఉండేది. తేడా సుమారు 1.64 లక్షలు. మీ అంకెకి FV ఫార్ములాలో 60 బదులు 36 పెట్టి, కిస్తీ 16780.85 వేస్తే సరి.

అమ్మకం కంటే ప్రమాదం విషయంలో ఇది ఎక్కువ ముఖ్యం. కారు పూర్తిగా పాడైనా, దొంగతనం జరిగినా ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ, వరకే. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు ఉన్న కారుకి ఐడీవీ లెక్కేసేటప్పుడు 40 శాతం తరుగుదల తీస్తారు. కారు కంపెనీ ధర 10 లక్షలైతే ఐడీవీ సుమారు 6 లక్షలు. ధర మొత్తానికీ లోన్ తీసుకుని ఉంటే బాకీ 6.18 లక్షలు. కారు పోయాక కూడా 18 వేలు జేబులోంచి కట్టాలి. అందుకే బెలూన్ లోన్‌లో డౌన్ పేమెంట్ లేకుండా వెళ్లకండి.

మూడేళ్ల తర్వాత లక్ష రూపాయలు చేతికొచ్చాయి. ఈఎంఐ తగ్గించుకోవాలా, బెలూన్ తగ్గించుకోవాలా?

కిస్తీ మోయగలుగుతున్నారంటే బెలూనే తగ్గించుకోండి. 36వ కిస్తీతో పాటు లక్ష అదనంగా కట్టి ఈఎంఐని 16,781 దగ్గరే ఉంచితే, 24 నెలల తర్వాత బెలూన్ 3 లక్షల నుంచి 1,80,359కి దిగుతుంది. అంటే లక్ష కట్టినందుకు 1,19,641 తగ్గింది. అదే బెలూన్‌ని కదపకుండా ఈఎంఐ తగ్గిస్తే అది 12,212 అవుతుంది, ఆదా అయ్యే వడ్డీ 9,643 మాత్రమే.

రెండు పనులు ముందే చేయాలి. మారని రేటు కారు లోన్లకి ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉండొచ్చు, ఒప్పందంలో చూడండి. ఆ తర్వాత ఏది తగ్గించాలో రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే వాళ్ల పద్ధతి ప్రకారం ఏదో ఒకటి మార్చేస్తారు. కొత్త కిస్తీల పట్టిక చేతికొచ్చేదాకా ఊరుకోవద్దు.

బెలూన్ వల్ల ఈఎంఐలో మిగిలిన ఆ 3,977 నెలనెలా ఆర్డీలో వేస్తే చివరికి 3 లక్షలు అవుతాయా?

కావు. లోన్ వడ్డీ 9 శాతం, ఆర్డీ దానికంటే తక్కువ ఇస్తుంది. ఆర్డీకి 6.5 శాతం అనుకుని నెలనెలా చక్రవడ్డీ లెక్కేస్తే 60 నెలలకి సుమారు 2,81,100 అవుతుంది. దాదాపు 19 వేలు తగ్గింది, పైగా ఆర్డీ వడ్డీ మీద పన్ను ఉంటుంది. 3 లక్షలు చేరాలంటే నెలకి 4,245 వేయాలి.

నెలకి 4,245 దాచగలిగే స్థోమత ఉన్నవాళ్లకి బెలూన్ అవసరమే లేదు. మామూలు ఈఎంఐ కడితే అంతకంటే తక్కువలో పని అయిపోతుంది. ఆదాయం ఇప్పుడు తక్కువగా ఉండి, గడువు చివరికి ఎఫ్‌డీ మెచ్యూరిటీ లాంటి పెద్ద మొత్తం కచ్చితంగా వచ్చేవాళ్లకే బెలూన్‌తో ఉపయోగం.

## బెలూన్ దగ్గరపడ్డాక

చివరి నెల ఖాతాలో 3 లక్షలు ఉంటే చాలా?

చాలదు. 60వ కిస్తీ కూడా అదే రోజు పడితే 3,16,781 ఉండాలి. ఇంకో చిక్కు ఆటో డెబిట్ దగ్గర ఉంది. లోన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన నాచ్ మాండేట్‌లో గరిష్ఠ మొత్తం రాసి ఉంటుంది. అది 50 వేలో, లక్షో అయితే బెలూన్ ఆ దారిన కట్ అవ్వదు. ఖాతాలో డబ్బుండీ చెల్లింపు ఆగిపోతుంది. రెండు నెలల ముందే ఫోన్ చేసి బెలూన్ ఎలా తీసుకుంటారో కనుక్కోండి. ఆర్‌టీజీఎస్ అయితే లోన్ నంబర్ రాయడం మర్చిపోవద్దు.

సమయానికి 3 లక్షలు సర్దలేకపోతే ఏమవుతుంది?

గడువు తేదీ దాటితే జరిమానా ఛార్జీ పడుతుంది. ఆర్‌బీఐ 2023 ఆగస్టు నాటి నిబంధనల ప్రకారం దాన్ని వడ్డీ రేటుకి కలపకూడదు, జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, క్రెడిట్ స్కోర్ దెబ్బతింటుంది, కారు స్వాధీనం చేసుకునే ప్రక్రియ కూడా మొదలవ్వొచ్చు. ఐదేళ్లూ ఒక్క కిస్తీ తప్పకపోయినా సరే.

గడువుకి రెండు మూడు నెలల ముందే అడిగితే బెలూన్‌ని కొత్త కిస్తీలుగా మార్చే వీలుంటుంది. అయితే అప్పటికి మీ కారు పాతది, పాత కారు లోన్ల రేటు సాధారణంగా ఎక్కువ. 3 లక్షలని 12 శాతానికి 24 నెలలు కడితే ఈఎంఐ 14,122, అదనపు వడ్డీ సుమారు 38,900. మొదటి లోన్‌లో ఎక్కువ కట్టిన 61,350కి ఇది కలిస్తే లక్ష దాటుతుంది. కారు అమ్మితే ఎంత వస్తుందో కూడా అదే వారంలో కనుక్కుని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

బెలూన్ కట్టేశాను. కారు పూర్తిగా నాదైనట్టేనా?

ఆర్సీ మీద లోన్ ఇచ్చినవాళ్ల పేరు తీయించేదాకా కాదు. బెలూన్ జమయ్యాక ఎన్ఓసీ, లోన్ ఇచ్చినవాళ్ల సంతకంతో ఫారం 35 తీసుకుని ఆర్టీవో దగ్గర హైపోథికేషన్ రద్దు చేయించుకోవాలి. ఎన్ఓసీకి గడువు ఉంటుంది, అది దాటితే కొత్తది తీసుకోవాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా వాళ్ల పేరు తీయించండి, లేదంటే క్లెయిమ్ డబ్బు ఇచ్చేటప్పుడు మళ్లీ వాళ్ల లేఖ అడుగుతారు.